ముందు ఫోటో, తర్వాత ఫోటో... మరి మూడోది ఏదీ?

ఏమండీ, బట్టలు ఆరేస్తున్నారా? ఆరెయ్యండి, ఆరేస్తూనే వినండి. మన మూలింటి మేకప్ అమ్మాయి మళ్ళీ ఫోటోలు పెట్టింది, చూశారా? ఒకే పెళ్ళికూతురికి పక్కపక్కన రెండు ఫోటోలు. ఎడంవైపు దాంట్లో నూనె పెట్టిన జుట్టు, నిద్రలేని కళ్ళు, ఎవరో తిట్టినట్టు మొహం. కుడివైపు దాంట్లో పాపిడిబిళ్ళ, బుగ్గచుక్క, పూలజడ, నవ్వు. కింద ఏం రాసిందంటే, పెళ్ళిళ్ళ సీజనుకి బుకింగులు మొదలయ్యాయి, కొద్ది తేదీలే ఖాళీగా ఉన్నాయి, త్వరపడండి అని.

మీరూ చూసే ఉంటారు లెండి. మీ రెండో అమ్మాయికి సంబంధం కుదిరిందట కదా! నాకెవరు చెప్పారని అడక్కండి. పాలబ్బాయి చెప్పాడు. వాడికెవరు చెప్పారో నాకూ తెలీదు. సంతోషం. అందుకే ఈ కబురు మీకు చెప్పాలనిపించింది.

ముందు ఆ "కొద్ది తేదీలే" అన్న మాట సంగతి. ఊరికే ఊరించడానికి రాసిందనుకున్నారేమో. కాదండీ. మన ముహూర్తాలే అలాంటివి. ఆషాఢం వద్దు, భాద్రపదం వద్దు, పుష్యం వద్దు. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరకెళ్ళి కనపడకుండా పోతే మౌఢ్యం, అప్పుడూ వద్దు. 2026 సంగతే చూడండి. 2025 నవంబరు నెలాఖరులో పట్టిన శుక్ర మౌఢ్యం ఫిబ్రవరి నడిమిదాకా ఉంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. మధ్యలో మిగిలింది ఎంత? మూడు నెలలు. అందులో పంతులుగారు బాగుందన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కల్యాణమండపం వాళ్ళూ, సన్నాయి వాళ్ళూ, వంటవాళ్ళూ, ఈ మేకప్ పిల్లలూ అందరూ ఆ రోజులకే. ఊళ్ళో ఉన్న పెళ్ళికూతుళ్ళందరూ కూడా ఆ రోజులకే.

అందుకని ఒకే రాత్రి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకునేవాళ్ళూ ఉంటారు. తప్పని నేననను, వాళ్ళకీ సంవత్సరంలో సంపాదించుకునే రోజులు అవే. కానీ ఫోటోల్లో చెయ్యి ఒకరిదీ, మీ అమ్మాయి మొహం మీద పడే చెయ్యి ఇంకొకరిదీ కాకుండా చూసుకోవాలి. "నువ్వే వస్తావా అమ్మా, నీ దగ్గర నేర్చుకునే అమ్మాయి వస్తుందా?" అని నోరు తెరిచి అడగండి. ఏ పిల్లయితే నొచ్చుకోకుండా సమాధానం చెబుతుందో ఆ పిల్ల మంచిది.

ఇంతకీ ఫోటోల దగ్గరున్నాం కదూ. మీరు ఆ రెండు ఫోటోలూ చూసి నోరెళ్ళబెట్టి ఉంటారు. నేను మాత్రం ఇంకోటి చూస్తాను. ముందు ఫోటోలో వెలుతురు ఎటునుంచి పడుతోంది? నెత్తిమీద ట్యూబులైటు. అలాంటి వెలుగులో కళ్ళకింద నీడలు పడతాయి, ఎవరైనా జ్వరంనుంచి లేచినట్టే ఉంటారు. తర్వాత ఫోటోలో కంటిపాపలో చూడండి, తెల్లటి చిన్న చక్రం కనిపిస్తుంది. అది రింగులైటు. ఎదురుగా గుండ్రటి దీపం పెడితే ముడతలూ మచ్చలూ సగం దానంతటవే మాయం. అంటే మేకప్ వెయ్యకముందే సగం పని దీపం చేసేసింది. రెండు ఫోటోలూ ఒకే చోట, ఒకే కిటికీ పక్కన తీసిన పిల్లని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇంకోటి. బుగ్గమీద చర్మపు గుంటలు అసలు కనపడకుండా, ఉడికిన గుడ్డు తొక్క తీసినట్టు ఉందనుకోండి, అది చెయ్యి కాదు, ఫోన్లో ఫిల్టరు. ఎంత మంచి మేకప్ వేసినా దగ్గరనుంచి చూస్తే చర్మం చర్మంలాగే కనిపించాలి. నుదుటిమీద నూగు వెంట్రుకలు కనిపించాలి. బుట్టాల అంచులు, జూకాల ముత్యాలు పక్కనున్న గోడతో కలిసిపోయి మసగ్గా ఉన్నాయా, అదీ ఫోన్ చేసిన పనే. అందుకే ఫోటో కాదు, పగటి వెలుతురులో తల అటూ ఇటూ తిప్పిన చిన్న వీడియో పంపమనండి. చెవులూ మెడా కూడా కనిపించేట్టు. చెవులెందుకంటారా? తొందరలో చెవులకి రంగు వెయ్యడం చాలామంది మర్చిపోతారు. మొహం ఒక రంగు, చెవి ఒక రంగు. నాకు చూపు అక్కడికే పోతుంది, ఏం చెయ్యను!

రంగంటే గుర్తొచ్చింది. మా తోడికోడలి కూతురి పెళ్ళి తెనాల్లో జరిగింది. పిల్ల చామనఛాయ, కళగల మొహం. ట్రయల్ వేస్తున్నప్పుడు మా తోడికోడలు వెనక నిలబడి, "కాస్త తెల్లగా కనిపించేట్టు వెయ్యమ్మా" అని ఒకటే గొడవ. ఆ మేకప్ అమ్మాయి ఏం మాట్లాడలేదు. పిల్ల దవడ మీద, చెవికింద నుంచి మెడవైపుకి మూడు రంగుల ఫౌండేషన్ మూడు గీతలు గీసింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ఓ పావుగంట అలాగే వదిలేసింది. ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు పూసినప్పుడు ఒక రంగు, గాలి తగిలి ఒంటి జిడ్డు తగిలాక ఒక ఛాయ ముదురుతాయట. పావుగంటయ్యాక ఏ గీత మెడలో కలిసిపోయి కనపడకుండా పోయిందో అదే ఆ పిల్ల రంగు.

అప్పుడు మా తోడికోడలితో అంది, "అత్తయ్యగారూ, తలంబ్రాలు పోసేటప్పుడు రెండు చేతులూ ఎత్తుతుంది కదా. చేతులు మొహం పక్కకే వస్తాయి. ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే తీస్తాడు. మొహం తెల్లగా, చేతులు చామనఛాయగా ఉంటే ఆల్బంలో మొదట కనిపించేది ఆ తేడానే." మా తోడికోడలు నోరు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ అంత తేలిగ్గా నోరు మూసుకోవడం నేను చూడలేదు లెండి, అది వేరే కథ.

ఆ మేకప్ అమ్మాయి ఇంకో పని కూడా చేసింది. గదిలో దీపాలన్నీ ఆర్పేసి, ఫోన్ ఫ్లాష్‌తో ఓ ఫోటో తీసింది. తీస్తే కళ్ళకింద తెల్లగా సున్నం కొట్టినట్టు మెరిసింది. మేమందరం హడలిపోయాం. అద్దంలో చూస్తే ఏమీ లేదు! కొన్ని తెల్లపొడుల్లో సిలికా ఉంటుంది, కొన్ని సన్‌స్క్రీన్లలో జింక్ ఆక్సైడో టైటానియం డయాక్సైడో ఉంటుంది. మామూలు వెలుతురులో కనపడవు, ఫ్లాష్ పడితే తిరిగి కొడతాయి. మన పెళ్ళిళ్ళు రాత్రివేళ, ఇద్దరు ముగ్గురు కెమెరావాళ్ళు ఫ్లాష్ కొడుతూనే ఉంటారు. అందుకని ఆ పొడి పక్కన పెట్టేసి, వేరేది వేసి మళ్ళీ తీసింది. ఈసారి మెరవలేదు. ట్రయల్ అంటే ఇదండీ. మొహానికి వేసి చూసి, "అబ్బ ఎంత బాగుందో" అనుకుని కడిగేసుకోవడం కాదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఆ కుడివైపు ఫోటో మేకప్ అయిన పది నిమిషాలకి తీసింది. పెళ్ళికూతురు అప్పటికి ఏసీ గదిలో, కుర్చీలో ఉంది. పెళ్ళి ఇంకా మొదలే కాలేదు! మనవాళ్ళ పెళ్ళిలో మొహం మీదా తలమీదా జరగని కార్యక్రమం ఏదైనా ఉందా, మీరే చెప్పండి.

జీలకర్రాబెల్లం చూడండి. తమలపాకులో పెట్టి నడినెత్తి మీద పెట్టాలి, పెళ్ళికొడుకు చెయ్యి అక్కడే నొక్కి ఉంచాలి, అదే సుముహూర్తం. ఇప్పటి పిల్లలు సినిమాల్లో చూసి నెత్తిమీద ఎత్తుగా పఫ్ పెట్టించుకుంటారు. ఆ చెయ్యి పడగానే పఫ్ కూలబడుతుంది. బెల్లం స్ప్రే కొట్టిన జుట్టుకి అంటుకుని, తర్వాత దువ్వెన దిగదు. తెలిసిన పిల్ల నడినెత్తిన జుట్టు చదునుగా దువ్వి, పాపిడిబిళ్ళ గొలుసు పక్కలకి పిన్నుపెట్టి, ఎత్తేదైనా ఉంటే వెనక జడ మొదట్లో పెడుతుంది. సవరం బరువూ, పూలజడ బరువూ నెత్తిమీద లాగకుండా జడ మొదట్లో గట్టిగా కుట్టినట్టు పట్టిస్తుంది. తెలియని పిల్ల అన్ని పిన్నులూ నెత్తిమీదే గుచ్చుతుంది. పెళ్ళికొడుకు వేలికి గుచ్చుకుని అబ్బా అన్న పెళ్ళి కూడా ఉంది, పేరు చెప్పను, మీకు చుట్టాలే.

బాసికం. నుదుటిమీద కడతారు కదా, ఆ దారం చెమటతో ఒరుసుకుని నుదుటిమీది రంగంతా గీతలు గీతలుగా లేచిపోతుంది. అక్కడ రంగు పల్చగా వేసి, అద్ది పొడి పట్టించాలి. మందంగా వేశారో, విప్పేసరికి అచ్చుపడుతుంది. ఆ తర్వాత మధుపర్కాలు. కొందరిళ్ళల్లో జీలకర్రాబెల్లం అవగానే పెళ్ళికూతుర్ని లోపలికి తీసికెళ్ళి, పట్టుచీర విప్పి తెల్లచీర కట్టి తీసుకొస్తారు. పంతులుగారు బయటనుంచి, "అమ్మా, త్వరగా" అంటూనే ఉంటారు. ముందే కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు పెట్టి మడిచి ఉంచితే పది నిమిషాల్లో పని. లేకపోతే పిన్నిగార్లందరూ తలో కొస పట్టుకుంటారు, ఆ చీర సంగతి ఇక చెప్పక్కర్లేదు.

తలంబ్రాలు పసుపు కలిపిన బియ్యం. చెమట పట్టిన బుగ్గకి తగిలితే పచ్చగా అంటుకుంటుంది. తుడిచారా, పసుపుతో పాటు మేకప్ కూడా వస్తుంది. తుడవకూడదు. పల్చటి టిష్యూ పెట్టి అద్దాలి, అంతే. తర్వాత హోమం పొగ. కళ్ళు మండి నీళ్ళు కారతాయి. ఆ తర్వాత అప్పగింతలు, అక్కడ ఎవరూ ఆపలేరు. కంటి లోపలి అంచున మామూలు కాటుక పెడితే తెల్లారేసరికి బుగ్గలదాకా దిగుతుంది. రెప్పలకి నీళ్ళకి చెదరని మస్కారా, కాటుక బయటి అంచున మాత్రమే. అతికించే రెప్పల జిగురు ముందే మోచేతి మడతలో కాస్త రాసి, ఒక రోజు ఉంచి చూసుకోవాలి. కొందరికి ఆ జిగురు పడదు. పెళ్ళిరోజున తెలిస్తే కళ్ళు వాచిపోయి, ఏడ్చి ఏడ్చి అలా అయిందనుకుంటారు జనం. పెళ్ళి ఇష్టం లేదేమో అని పక్కింటివాళ్ళు కూడా ఓ మాట వేస్తారు. పక్కింటివాళ్ళ సంగతి మీకు తెలియందేముంది!

ఇక గడియారం లెక్క. తెనాలి పెళ్ళికి ముహూర్తం తెల్లవారుజాము 4:18. మా తోడికోడలు, "మూడింటికి మొదలెడితే చాలదూ?" అంది. మేకప్ అమ్మాయి కాగితం తీసి వెనకనుంచి లెక్క రాసింది. 4:18కి జీలకర్రాబెల్లం. దానికి ముందు మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాలి. అంతకుముందు గౌరీపూజ, దానికి ఓ ముప్పావుగంట. అంటే పూజకి 3:15కల్లా పీటమీద కూర్చోవాలి. చీరా నగలూ ముప్పావుగంట. జడ ముప్పావుగంట. మొహానికి గంటన్నర. మొత్తం మూడు గంటలు. అంటే 12:15కి కుర్చీలో కూర్చోవాలి. మధ్యలో ఎవరో పాలు తెస్తారు, ఎవరో ఉంగరం పోయిందంటారు, దానికి ఓ పావుగంట వదిలిపెట్టింది. సరిగ్గా 12 గంటలకి మొదలు.

మరి ముందురోజు సాయంత్రం 7 గంటలకి రిసెప్షను ఉందిగా! దానికి ఒక మేకప్. అది 11కి తీసెయ్యాలి. తీసెయ్యడమంటే సబ్బుతో బరబరా తోమడం కాదు. నూనెలాంటి క్లెన్సర్ రాసి కరిగించి, తర్వాత మొహం కడుక్కుని, మాయిశ్చరైజర్ రాసి, ఓ అరగంట చర్మాన్ని వదిలెయ్యాలి. పాతదాని మీదే కొత్తది వేస్తే రెండు గంటల్లో ముక్కు పక్కన పెచ్చులు లేస్తుంది. ఆ అరగంట ఎవరూ ఫోటో తియ్యకుండా మా తోడికోడలు తలుపు దగ్గర కాపలా కూర్చుంది. ఆవిడకి సరిపోయిన ఉద్యోగం అది.

పొద్దున్న ఆరున్నరకి అన్నీ అయిపోయాక నేను పెళ్ళికూతుర్ని దగ్గరకి పిలిచి చూశాను. లిప్‌స్టిక్ పోయింది, పోదూ మరి, అప్పడాలూ లడ్డూలూ తింటూనే ఉంది. ముక్కుమీద పొడి పోయి కొంచెం మెరుస్తోంది. చెంపల మీద రంగు మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళకింద మసి లేదు. మెడా మొహమూ ఒకటే రంగు. అదండీ, అది మేకప్. అప్పుడు తీసిన ఫోటో ఎవ్వరూ స్టేటస్‌లో పెట్టరు!

అందుకే మీకు చెప్పేది ఏమిటంటే, మన మూలింటి అమ్మాయిని ఆ మూడో ఫోటో అడగండి. అప్పగింతలయ్యాక, ఫిల్టరు లేకుండా, ఎవరి ఫోన్లోనో తీసింది. రెండు మూడు పెళ్ళిళ్ళవి ఉంటే చాలు. ఉంటే వెంటనే చూపిస్తుంది. లేకపోతే, ఆమె చేసిన పెళ్ళికూతురు తల్లిని ఎవరినైనా అడగండి. తల్లులు అబద్ధం చెప్పరు, చెప్పినా ఎక్కువసేపు దాచుకోలేరు.

డబ్బు కట్టేముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఆ ధరలో చీర కట్టడం ఉందా, సవరమూ పూలజడా వాళ్ళే తెస్తారా, పూలు మీరే కొనాలా, ట్రయల్‌కి వేరే డబ్బా, దారి ఖర్చు ఎవరిది, మధుపర్కాలదాకా ఉంటుందా లేక మొహం చేసి వెళ్ళిపోతుందా. మన పెళ్ళికి తోడుగా ఉండడమే ముఖ్యం. మేకప్ చేసి ఒంటిగంటన్నరకి ఇంకో పెళ్ళికి పరుగెత్తితే ఆ టిష్యూతో ఎవరు అద్దుతారు, మీరా? ఇంకోటి, అడ్వాన్సు వెనక్కి ఇవ్వరు చాలామంది. తప్పులేదు, ఆ తేదీకి ఇంకొకర్ని వద్దన్నారు కదా. కానీ ఇంట్లో మైల వచ్చి పెళ్ళి వాయిదా పడితే? ఆ డబ్బు కొత్త తేదీకి మారుస్తారా లేదా, అది మాత్రం ముందే రాయించుకోండి. ఆ వేళ అడిగే ఓపిక ఎవరికుంటుంది!

ట్రయల్‌లో ఆ పిల్ల చేతులు కూడా చూడండి. లిప్‌స్టిక్ కర్రని నేరుగా పెదాలకి రాస్తోందా, పలకమీదకి తీసి కుంచెతో రాస్తోందా? మస్కారా కుంచె ఒకరి కళ్ళకి పెట్టింది ఇంకొకరికి పెడుతోందా? పెళ్ళింట్లో ఒకరికి కళ్ళకలకొస్తే అందరికీ వస్తుంది. పెళ్ళికూతురు తల్లి, పిన్ని, అక్క, అందరూ అదే పెట్టె ముందు క్యూ కడతారుగా.

మీ అమ్మాయికి కూడా ఓ మాట చెప్పండి. పెళ్ళికి రెండ్రోజులుందనగా కొత్త బ్లీచ్, కొత్త ఫేషియల్ పెట్టుకోవద్దని. అలాంటివేవైనా ఉంటే కనీసం వారం ముందే. నలుగు పెట్టాక పసుపు చర్మాన్ని రెండ్రోజులు పచ్చగా ఉంచుతుంది, ఆ రోజు రంగు కుదర్చడానికి కూర్చోవద్దు. రంగు ముందే, ట్రయల్ రోజునే కుదిర్చి, సీసా పేరూ నంబరూ రాసి పెట్టుకోమనండి.

ఏమంటారు, ముహూర్తం ఇంకా పెట్టుకోలేదా? అయితే పంతులుగారు తేదీ చెప్పిన రోజే ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యండి, రెండోరోజుదాకా ఆగొద్దు. శుభలేఖ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ట్రయల్ రోజు మాత్రం నాకు ముందే చెప్పండి, నేనూ వస్తాను. తెల్లగా వెయ్యమని మీరు వెనక నిలబడి గొడవ చెయ్యకుండా ఒకరుండాలిగా.